శిఖరం దగ్గర తొక్కిసలాట

2021 ఏప్రిల్ 14న అమెరికా క్రిప్టో ఎక్స్ఛేంజీ కాయిన్‌బేస్ నాస్‌డాక్‌లో లిస్టయింది. ఆ రోజే బిట్‌కాయిన్ ధర 64,800 డాలర్ల దాకా వెళ్లి, అంతకుముందెన్నడూ చూడని ఎత్తును తాకింది. పత్రికల్లో, టీవీల్లో లక్ష డాలర్ల మాట మొదలైంది. నాలుగు రోజులు తిరక్కుండానే, 18వ తేదీ ఆదివారం నాడు, 60 వేల దగ్గరున్న ధర చూస్తుండగానే 52 వేల దరిదాపులకు పడిపోయింది. అప్పు మీద కొన్నవాళ్ల పొజిషన్లను ఎక్స్ఛేంజీలు బలవంతంగా మూసేశాయి. ఒక్క రోజులో అలా మూసేసినవాటి విలువ వెయ్యి కోట్ల డాలర్లకు దగ్గరగా ఉందని లెక్కలు వచ్చాయి.

పడిన తర్వాత కారణాలు చాలానే చెప్పారు. చైనాలోని షింజియాంగ్‌లో కరెంటు పోయి బిట్‌కాయిన్ మైనింగ్ తగ్గిందన్నారు. అమెరికా ప్రభుత్వం చర్యలకు దిగబోతోందన్న పుకారు పుట్టిందన్నారు. కానీ అంత చిన్న వార్తలకు అంత పెద్ద పతనం ఎందుకొచ్చిందో ఆ వార్తల్లో దొరకదు. దానికి జవాబు పతనానికి ముందే, రోజుకు మూడుసార్లు, ఎక్స్ఛేంజీల తెర మీద అందరికీ కనబడుతూనే ఉంది. ఆ అంకె పేరు ఫండింగ్ రేటు.

గడువు లేని ఫ్యూచర్స్

నిఫ్టీ ఫ్యూచర్స్ గురించి విన్నవారికి ఎక్స్‌పైరీ అంటే ఏమిటో తెలుసు. ఫ్యూచర్ ధర అసలు నిఫ్టీ కంటే కొంచెం ఎక్కువగానో తక్కువగానో నడిచినా, ఎక్స్‌పైరీ రోజున రెండూ కలవాల్సిందే. ఆ గడువే ఫ్యూచర్‌ను అసలు ధరకు కట్టేసే తాడు.

క్రిప్టోలో ఎక్కువ వ్యాపారం జరిగే పర్పెచువల్ ఫ్యూచర్స్‌కు ఆ గడువు లేదు. ఒకసారి కొంటే మార్జిన్ ఉన్నంతకాలం అట్టే పెట్టుకోవచ్చు. గడువు లేని ఫ్యూచర్స్ గురించి ఆర్థికవేత్త రాబర్ట్ షిల్లర్ 1990ల మొదట్లోనే రాశారు. బిట్‌కాయిన్‌లో దాన్ని 2016లో బిట్‌మెక్స్ అనే ఎక్స్ఛేంజీ ఆచరణలోకి తెచ్చింది. మరి గడువు లేకపోతే పర్పెచువల్ ధరను అసలు బిట్‌కాయిన్ ధరకు, అంటే స్పాట్ ధరకు, దగ్గరగా ఉంచేది ఏది? ఫండింగే.

సూత్రం తేలికైనదే. పర్పెచువల్ ధర స్పాట్ కంటే బాగా పైన నడుస్తుంటే, పెరుగుతుందని కొన్న లాంగ్‌లు, పడుతుందని అమ్మిన షార్ట్‌లకు డబ్బు కట్టాలి. కింద నడుస్తుంటే షార్ట్‌లే లాంగ్‌లకు కట్టాలి. ఈ డబ్బు ఎక్స్ఛేంజీకి చేరదు, ఒక ట్రేడర్ ఖాతా నుంచి మరో ట్రేడర్ ఖాతాకు పోతుంది. బైనాన్స్‌లో BTCUSDT పర్పెచువల్‌కు ఈ లెక్క ఎనిమిది గంటలకోసారి తేలుతుంది. మన గడియారం ప్రకారం తెల్లవారి 5.30కు, మధ్యాహ్నం 1.30కు, రాత్రి 9.30కు. ఆ నిమిషానికి ఎవరి పొజిషన్ తెరిచి ఉంటే వాళ్లకే చెల్లింపు వర్తిస్తుంది.

రేటు కట్టే సూత్రం ఇది:

```
F = P + clamp(0.01% - P, -0.05%, +0.05%)
```

ఇందులో F ఫండింగ్ రేటు. P అంటే ఆ ఎనిమిది గంటల్లో పర్పెచువల్ ధర స్పాట్ కంటే సగటున ఎంత శాతం పైన ఉందో చెప్పే ప్రీమియం. clamp చేసే పని, బ్రాకెట్‌లోని మొదటి సంఖ్యను తర్వాతి రెండు హద్దులు దాటిపోనివ్వకుండా ఆపడం. అంటే ప్రీమియం మైనస్ 0.04 శాతం నుంచి 0.06 శాతం మధ్య ఎక్కడ ఉన్నా ఫండింగ్ కదలదు, 0.01 శాతం దగ్గరే ఉంటుంది.

చాలామంది పొరబడేది ఇక్కడే. ఫండింగ్ సున్నాకు పైన కనబడగానే జనం పెరుగుదల వైపు ఎగబడుతున్నారని అనుకుంటారు. కానీ ఇక్కడ నడిమి గీత సున్నా కాదు, 0.01 శాతం. ఏ వైపూ తొందర లేని మామూలు రోజు కూడా లాంగ్‌లు ఆ మాత్రం కడుతూనే ఉంటారు. దాన్నిబట్టి చూస్తే, ఫండింగ్ సున్నాకు దిగిందంటేనే పర్పెచువల్ స్పాట్ కంటే కింద నడుస్తున్నట్టు. కాస్త మైనస్‌లోకి వెళ్లిందంటే అమ్మకాల వైపు తొందర బలంగానే ఉన్నట్టు. మైనస్ 0.02 శాతం అంకె చూడ్డానికి చిన్నదే, కానీ అది నడిమి గీతకు 0.03 దూరంలో ఉంది.

ప్రతి లాంగ్‌కూ ఒక షార్ట్ ఉంటే, గుంపు ఎక్కడిది?

ఫ్యూచర్స్‌లో కొన్నవాళ్ల కాంట్రాక్టులు, అమ్మినవాళ్ల కాంట్రాక్టులు ఎప్పుడూ సమానమే. ఒకరు కొనాలంటే ఇంకొకరు అమ్మాలి. కాబట్టి "లాంగ్‌లు ఎక్కువయ్యాయి" అన్న మాటను అక్షరాలా తీసుకుంటే తప్పు. ఫండింగ్ చెప్పేది ఎవరు ఎక్కువమంది ఉన్నారని కాదు, ఎవరికి తొందర ఎక్కువగా ఉందని. తొందర ఉన్నవాడు స్పాట్ కంటే పై ధర పెట్టి అయినా కొంటాడు, ఎనిమిది గంటలకోసారి రుసుము కట్టి అయినా పొజిషన్ పట్టుకుంటాడు.

శిఖరం దగ్గర ఎదురుగా అమ్మేది ఎవరు? వాళ్లలో చాలామంది ధర పడుతుందని పందెం కాసినవాళ్లు కారు. వాళ్లు స్పాట్‌లో బిట్‌కాయిన్ కొని, అంతే పరిమాణంలో పర్పెచువల్ అమ్ముతారు. ధర పెరిగినా తరిగినా ఒక చేతిలో పోయింది మరో చేతిలోకి వస్తుంది. మిగిలేది ఫండింగ్. వాళ్లకు ధరతో పని లేదు, భయమూ లేదు.

అందుకే రేటు బాగా పెరిగినప్పుడు సంతలో రెండు పక్షాలూ ఒకలాంటివి కావు. ఒక పక్క అప్పుతో నిలబడ్డవాళ్లు, మరో పక్క రెండు వైపులా కాపు ఉన్నవాళ్లు. ధర పడితే మొదటివాళ్లు అమ్మి తీరాలి. రెండోవాళ్లు కొని తీరాల్సిన అవసరం లేదు. పతనం అంత నిటారుగా ఉండటానికి కారణం ఈ తేడాయే.

ఒక ట్రేడర్ లెక్క

ఒక ట్రేడర్ వెయ్యి డాలర్ల మార్జిన్ పెట్టి, 20 రెట్ల లెవరేజీతో 20 వేల డాలర్ల బిట్‌కాయిన్ లాంగ్ తీసుకున్నాడనుకుందాం. ఫండింగ్ మామూలు 0.01 శాతం దగ్గర ఉంటే, ఎనిమిది గంటలకోసారి అతను కట్టేది రెండు డాలర్లు, రోజుకు ఆరు. మార్జిన్‌తో పోలిస్తే ఇది పెద్ద భారమేమీ కాదు.

రేటు 0.1 శాతానికి చేరితే సంగతి మారుతుంది. ఇప్పుడు ఒక్కోసారి 20 డాలర్లు, రోజుకు 60. అంటే బిట్‌కాయిన్ ధర అంగుళం కదలకపోయినా, అతని మార్జిన్‌లో రోజుకు ఆరు శాతం హరించుకుపోతుంది. పది రోజులు ధర అక్కడే నిలిచిపోతే పెట్టిన వెయ్యిలో ఆరు వందలు వెళ్లిపోయినట్టే. మొదట్లో ధర ఐదు శాతానికి కొంచెం తక్కువ పడితే మూతపడే పొజిషన్, మార్జిన్ తరిగేకొద్దీ ఇంకా చిన్న పతనానికే మూతపడే స్థితికి వస్తుంది.

ఈ లెక్క ఒక్కరిది కాదు. ఒకే ధర చుట్టూ, దగ్గర దగ్గర లెవరేజీతో వేలమంది ఎక్కి ఉంటారు. అందరి లిక్విడేషన్ ధరలూ ఇంచుమించు ఒకే చోట గుమిగూడతాయి. మొదటివాడి పొజిషన్‌ను ఎక్స్ఛేంజీ అమ్మేస్తుంది. ఆ అమ్మకం వల్ల ధర ఇంకాస్త దిగి రెండోవాడి గీతను తాకుతుంది. అక్కడినుంచి ఎవరూ నిర్ణయం తీసుకోనక్కర్లేదు. ఒక బలవంతపు అమ్మకం తర్వాతిదాన్ని తెస్తుంది.

2021 ఏప్రిల్‌లో జరిగింది ఇదే. ఆ నెల మొదటి సగంలో పెద్ద ఎక్స్ఛేంజీల్లో ఫండింగ్ పలుమార్లు 0.1 శాతం దరిదాపుల్లో నడిచింది. పై సూత్రం ప్రకారం 0.1 శాతం ఫండింగ్ అంటే ప్రీమియం సగటున 0.15 శాతం. బిట్‌కాయిన్ 60 వేల డాలర్ల దగ్గర ఉన్నప్పుడు స్పాట్ కంటే 90 డాలర్లు ఎక్కువ పెట్టి కొంటున్నారన్నమాట. ఏడాదికి లెక్కేస్తే ఆ రేటు నూరు శాతం దాటుతుంది. మరోవైపు ధర మార్చి మధ్యలోనే 61 వేలు దాటింది. నెల తిరిగాక కూడా దానికి పైన మూడు నాలుగు వేలకు మించి వెళ్లలేకపోయింది. కట్టేది అంత, వచ్చేది ఇంత. పైగా అప్పట్లో చాలా పొజిషన్లకు పూచీగా పెట్టింది కూడా బిట్‌కాయినే. ధర పడితే పొజిషన్‌తో పాటు పూచీ విలువా పడిపోయేది. ఇలా ఒరిగి ఉన్న సంతను పడెయ్యడానికి పుకారు చాలు.

18వ తేదీ పతనం తర్వాత ఫండింగ్ మామూలు స్థాయి కంటే కిందికి, కొన్ని చోట్ల సున్నా కిందికి కూడా దిగింది. ఎక్కువ ధర పెట్టి నిలబడ్డవాళ్లు ఊడ్చుకుపోయారని ఆ అంకె చెప్పింది.

అడుగున కూడా అదే కథ, తలకిందులుగా

అదే ఏడాది మే 19న బిట్‌కాయిన్ 30 వేల దగ్గరకు కూలింది. ఆ తర్వాత రెండు నెలలు 30 వేలకూ 40 వేలకూ మధ్యే తచ్చాడింది. ఈ కాలంలో ఫండింగ్ చాలా రోజులు మైనస్‌లో ఉంది. అంటే అంత పడ్డాక కూడా ఇంకా పడుతుందని అమ్మేవాళ్లు, అందుకోసం చేతి డబ్బు కట్టేవాళ్లు ఉన్నారు. జూలై 20న ధర 30 వేల కిందికి జారింది. షార్ట్‌లు ఎదురుచూసిన ఘట్టం అదే. కానీ అక్కడినుంచి పతనం సాగలేదు.

వారం తిరిగేలోపు అమెజాన్ క్రిప్టోకు సంబంధించిన ఉద్యోగ ప్రకటన ఇచ్చిందన్న వార్త, త్వరలో బిట్‌కాయిన్‌తో చెల్లింపులు తీసుకుంటుందన్న పుకారు వచ్చాయి. జూలై 26న ధర 40 వేల దగ్గరకు ఎగిసింది. షార్ట్ పొజిషన్ మూయాలంటే కొనాలి కాబట్టి, ఈసారి బలవంతపు కొనుగోళ్లు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. స్పాట్ 40 వేల దగ్గర ఉండగా బైనాన్స్ పర్పెచువల్ కొద్ది క్షణాల పాటు 48 వేల దాకా దూకింది. పుకారును అమెజాన్ ఖండించింది. అయినా ధర మళ్లీ 30 వేలకు పడిపోలేదు, సెప్టెంబరు మొదటి వారానికి 52 వేలు దాటింది.

ఆ రోజుల్లోనే ఎఫ్‌టీఎక్స్, బైనాన్స్ లెవరేజీకి కళ్లెం వేశాయి. నూరు రెట్లు దాటిన గరిష్ఠ పరిమితిని ఎఫ్‌టీఎక్స్ 20 రెట్లకు కుదించింది, బైనాన్స్ కొత్త ఖాతాలకు అదే హద్దు పెట్టింది.

అంకె చెప్పని సంగతులు

రెండు ఉదాహరణలు చూసి, ఫండింగ్ పెరిగితే అమ్మెయ్యాలి, తగ్గితే కొనెయ్యాలి అనుకుంటే నష్టపోతారు. ఆ సంగతి కూడా 2021లోనే రుజువైంది.

ఫిబ్రవరి 8న టెస్లా బిట్‌కాయిన్ కొన్నట్టు ప్రకటించాక ధర 46 వేల దగ్గరకు వెళ్లింది. ఆ నెలలోనూ ఫండింగ్ బాగా వేడెక్కింది. గుంపు ఒక వైపే ఉందని ఒకరు 46 వేల దగ్గర షార్ట్ అమ్మారనుకుందాం. ఫిబ్రవరి 21కి ధర 58 వేలు. అంటే పొజిషన్ విలువలో 26 శాతం నష్టం. ఆ 13 రోజులూ రేటు 0.1 శాతం దగ్గరే ఉందనుకున్నా, ఫండింగ్‌గా చేతికొచ్చేది నాలుగు శాతం లోపే. అప్పు తీసుకున్నవాళ్లు కిక్కిరిసి ఉన్నారన్నది నిజమే. కానీ స్పాట్‌లో సొంత డబ్బుతో కొనేవాళ్లు ఇంకా వస్తుండగా ఆ గుంపు కూలదు. గుంపు ఎంత ఉందో ఫండింగ్ చెబుతుంది. ఎప్పుడు చెదురుతుందో చెప్పదు.

దీనికి తిరగేసిన ఉదాహరణ నవంబరు 10. ఆ రోజు బిట్‌కాయిన్ 69 వేల దగ్గర ఆ ఏటి అసలు శిఖరాన్ని తాకింది. కానీ ఫండింగ్ ఏప్రిల్ నాటి స్థాయికి పోలేదు. లెవరేజీ తగ్గింది, పూచీగా డాలరుతో ముడిపడ్డ స్టేబుల్‌కాయిన్లు పెట్టడం పెరిగింది, ఫండింగ్ కోసమే వచ్చి అమ్మే సంస్థలూ పెరిగాయి. ఫండింగ్ ఎగిసినంత మాత్రాన అది శిఖరం కానట్టే, ప్రతి శిఖరం దగ్గరా ఫండింగ్ ఎగిసి తీరాలనీ లేదు. ఫలానా అంకె దాటితే ప్రమాదమని ఒక ఏడాది గీసిన గీత మరుసటి ఏడాదికి చెల్లదు.

అన్నిటికంటే మోసం చేసే సందర్భం 2022 సెప్టెంబరుది. ఎథీరియం నెట్‌వర్కు ఆ నెల 15న మైనింగ్‌ను వదిలి కొత్త పద్ధతికి మారింది. దానికి ముందు ఈథర్ ఫండింగ్ పాతాళానికి పోయింది. పైపైన చూస్తే షార్ట్‌లు కిక్కిరిసినట్టే, ధర ఎగరబోతున్నట్టే. నిజానికి నెట్‌వర్కు చీలితే ఈథర్ ఉన్నవారందరికీ కొత్త నాణెం ఒకటి ఉచితంగా వస్తుంది. దానికోసం చాలామంది స్పాట్‌లో ఈథర్ కొని, ధర పడితే నష్టం రాకుండా పర్పెచువల్ అమ్మి ఉంచారు. వాళ్లు కట్టిన ఫండింగ్ ఆ ఉచిత నాణేనికి పెట్టిన ఖర్చు. కాపు ఉన్న షార్ట్‌ను ధర పెరుగుదల భయపెట్టలేదు. మార్పు పూర్తయింది, ఫండింగ్ మామూలుకు వచ్చింది. ఈథర్ ధర ఎగరలేదు సరికదా, 1,600 దగ్గర్నుంచి వారంలో 1,300 కిందికి దిగింది.

ఎలా చదవాలి

కాబట్టి ఈ అంకెను ఒంటరిగా చదవకూడదు. దాని పక్కన రెండు విషయాలు పెట్టుకోవాలి.

మొదటిది ఓపెన్ ఇంటరెస్ట్, అంటే ఇంకా తెరిచి ఉన్న కాంట్రాక్టుల మొత్తం. ఫండింగ్‌తో పాటు ఇదీ పెరుగుతుంటే కొత్తవాళ్లు అప్పుతో ఎక్కుతున్నారని అర్థం. దీన్ని డాలర్లలో చూస్తే ధర పెరిగినందుకే పెరిగినట్టు కనబడుతుంది కనుక బిట్‌కాయిన్లలో చూడటం మేలు. ఓపెన్ ఇంటరెస్ట్ పడిపోయాక కనబడే తీవ్రమైన ఫండింగ్‌కు అంత విలువ లేదు. కూలాల్సినవాళ్లు అప్పటికే కూలి ఉంటారు.

రెండోది, అన్నిటికంటే ముఖ్యమైనది, ధర స్పందన. చార్టులో ధర పాత శిఖరం దగ్గర ఉంది, ఫండింగ్ రోజుల తరబడి నడిమి గీతకు చాలా పైన ఉంది, ఓపెన్ ఇంటరెస్ట్ పెరుగుతోంది, అయినా ధర పైకి పోవడం లేదు. అప్పుడు రోజుకు మూడుసార్లు రుసుము కడుతున్నవాళ్లకు ప్రతిఫలం అందడం లేదు. వాళ్లు కొంటున్నదంతా ఎవరో అమ్మి సర్దేస్తున్నారు. పాత అడుగు దగ్గర ఫండింగ్ మైనస్‌లో ఉండి, అమ్మకాలు వచ్చినా ధర కొత్త కనిష్ఠానికి దిగకపోతే అర్థం దీనికి తలకిందులు. అదే ఫండింగ్ ఎక్కువగా ఉంటూ ధర కూడా పరుగెడుతుంటే, 2021 ఫిబ్రవరిలో లాగా, గుంపు ఇంకా గెలుస్తున్నట్టే లెక్క.

చిన్న జాగ్రత్త ఒకటుంది. అన్ని కాంట్రాక్టులకూ ఎనిమిది గంటల లెక్క ఉండదు. కొన్నిటికి నాలుగు గంటలకు, కొన్ని వేదికల మీద గంటకోసారి తేలుతుంది. గంటకు 0.01 శాతం అంటే ఎనిమిది గంటలకు 0.08. పోల్చేముందు అన్నిటినీ ఒకే కాలానికి మార్చుకోవాలి. ఒకే ఎక్స్ఛేంజీలో రేటు విపరీతంగా ఉండి మిగతాచోట్ల మామూలుగా ఉంటే అది ఆ ఎక్స్ఛేంజీ సంగతే తప్ప సంత మొత్తం సంగతి కాదు.

ఇంతా చూశాక ఈ అంకెతో చేయాల్సిన పని ఏమిటన్న ప్రశ్న మిగులుతుంది. గుంపుకు ఎదురుగా వెళ్లి పందెం కాయమని అది చెప్పదు. ఫిబ్రవరిలో అలా కాసిన షార్ట్ లెక్క చూశాం. ఫండింగ్ వేడెక్కి, చార్టు శిఖరం దగ్గర ధర ఆగిపోయినప్పుడు, గుంపుతో పాటు అప్పు మీద నిలబడ్డవారు ఆ అప్పును తగ్గించుకోవడానికి అది చాలినంత కారణం. 2021 ఏప్రిల్ 18న సొంత డబ్బుతో, లెవరేజీ లేకుండా బిట్‌కాయిన్ పట్టుకున్నవారు 13 శాతం పతనాన్ని చూశారు, కానీ వాళ్ల బిట్‌కాయిన్లు వాళ్ల దగ్గరే ఉన్నాయి. 20 రెట్లతో ఉన్నవారికి ఆ పతనంలో మొదటి ఐదు శాతంతోనే ఆట ముగిసింది. మూడు వారాల్లో ధర మళ్లీ 59 వేల దాకా లేచినప్పుడు, వాళ్ల చేతిలో పొజిషన్ లేదు.